మా వారం లెక్కలో రూ.6,505.32 తగ్గింది: పేమెంట్ గేట్‌వే కంపెనీకి బహిరంగ లేఖ

సెటిల్‌మెంట్ విభాగం వారికీ, నోడల్ అధికారి గారికీ నమస్కారం.

నేను మంగళగిరి చేనేత చీరలు, డ్రెస్ మెటీరియల్ సొంత వెబ్‌సైట్‌లో అమ్ముకునే చిన్న వ్యాపారిని. కొన్నవాళ్ళు కట్టే డబ్బంతా మీ గేట్‌వే ద్వారానే మాకు వస్తుంది. 2025 దసరాకు ముందు, సెప్టెంబరు 15 సోమవారం నుంచి 21 ఆదివారం దాకా జరిగిన అమ్మకాలకు మీరు మా బ్యాంకులో వేసిన డబ్బు మా లెక్క కంటే రూ.6,618.60 తక్కువ ఉంది. అందులో రూ.113.28 మీకు న్యాయంగా చెందేదేనని నేనే లెక్క చూసి తేల్చాను. మిగతా రూ.6,505.32 మాది. ఈ మాటే టికెట్ పెట్టి అడిగితే "ఫీజు, జీఎస్టీ, రీఫండ్లు పోను నికరంగా జమ చేశాము" అని ఒకటే జవాబు పంపి టికెట్ మూసేస్తున్నారు. ఆ నికరం ఎలా వచ్చిందన్నదే కదా నేను అడుగుతున్నది!

అందుకే ఈసారి మీకు పంపిన మెయిల్‌నే అందరూ చదివేలా ఇక్కడా పెడుతున్నాను. ఇలాంటి కోతలు నాలాంటి ఇంకొందరి ఖాతాల్లోనూ పడుతూ ఉండొచ్చు, వాళ్ళూ తమ లెక్క చూసుకుంటారు. కస్టమర్ల పేర్లు, పేమెంట్ ఐడీలు ఇక్కడ రాయలేదు, మీ మెయిల్‌కు జత చేసిన షీట్‌లో వరసగా ఉన్నాయి.

ముందుగా నేను లెక్క ఎటు నుంచి చూశానో చెప్పాలి, ఎందుకంటే మీకూ నాకూ మాట కలవకపోవడానికి అసలు కారణం అక్కడే ఉంది. మీ వాళ్ళు ఏ పేమెంట్లకు మాకు ఎంత పంపారో చూపే సెటిల్‌మెంట్ రిపోర్ట్ తెరిచి, అందులోని మొత్తాన్ని మా బ్యాంకు స్టేట్‌మెంట్‌లో పడిన జమతో పోల్చి, ఆ బ్యాంకు బదిలీని గుర్తుపట్టే యూటీఆర్ నంబర్ సరిపోయింది కాబట్టి అంతా సరిగ్గా ఉందంటున్నారు. నిజమే, అలా చూస్తే పైసా తేడా రాదు, నేనూ చూశాను. మీరు పంపానని రిపోర్ట్‌లో రాసుకున్నది బ్యాంకులో పడింది, అంతవరకూ నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ రిపోర్ట్‌లో అసలు ఎక్కని పేమెంట్ ఆ పద్ధతిలో ఎన్నిసార్లు చూసినా దొరకదు. రిపోర్ట్‌లో తప్పుగా ఎక్కిన కోత కూడా దొరకదు, ఎందుకంటే ఆ తప్పుతోనే కదా నికరం లెక్క కట్టింది.

నేను అమ్మకాల పుస్తకం నుంచి మొదలుపెట్టాను. వెబ్‌సైట్‌లో వచ్చిన ప్రతి ఆర్డర్, దానికి వేసిన బిల్లు, ఆ ఆర్డర్‌కు ఉన్న పేమెంట్ ఐడీ, ఆ ఐడీ మీ రిపోర్ట్‌లో ఏ `settlement_id` కింద ఉంది, ఆ సెటిల్‌మెంట్ ఏ యూటీఆర్‌తో బ్యాంకులో పడింది, ఇలా ఒక్కొక్క చీర డబ్బునూ చివరిదాకా పట్టుకుని వెళ్ళాను. బ్యాంకులో ఆ వారం పడిన జమలన్నీ కూడి వారం అమ్మకాలతో పోలిస్తే లెక్క ఎప్పటికీ తేలదు. మీ ఒక్కో జమలో రెండు మూడు రోజుల పేమెంట్లు కలిసి ఉంటాయి, ముందు వారం శుక్రవారం అమ్మకం సోమవారమో మంగళవారమో పడుతుంది. మీ ఒప్పందం ప్రకారం పేమెంట్ అయిన రోజు కాకుండా రెండో పనిదినానికి డబ్బు రావాలి. ఆ లెక్కన 21వ తేదీ ఆదివారం రాత్రి పేమెంట్లు కూడా 23 మంగళవారానికి వచ్చేయాలి, వచ్చాయి కూడా. అయినా నెలాఖరు దాకా వచ్చిన సెటిల్‌మెంట్లన్నీ వెతికాకే ఇది రాస్తున్నాను. కాబట్టి "టైమింగ్ తేడా అయి ఉంటుంది, తర్వాతి సైకిల్‌లో చూడండి" అన్న జవాబు దయచేసి మళ్ళీ పంపొద్దు.

ఇక అంకెలు. ఆ వారం వచ్చినవి 64 పేమెంట్లు, మొత్తం రూ.1,58,600. అందులో 41 పేమెంట్లు యూపీఐ ద్వారా, విలువ రూ.92,250. మిగతా 23 కార్డు, నెట్ బ్యాంకింగ్ పేమెంట్ల విలువ రూ.66,350. మన ఒప్పందంలోని రేట్ల పట్టికలో యూపీఐకి, రూపే డెబిట్ కార్డుకు ఫీజు సున్నా అని ఉంది, మిగిలినవాటికి 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ. ఆ 23 పేమెంట్లలో రూపే డెబిట్ ఒక్కటీ లేదు కాబట్టి ఫీజు రూ.1,327, జీఎస్టీ రూ.238.86, కలిపి రూ.1,565.86. ఆ వారమే రెండు చీరలు వెనక్కి వచ్చాయి, ఒకటి రూ.2,450, ఇంకొకటి రూ.1,950, రీఫండ్లు మొత్తం రూ.4,400. రీఫండ్ చేసినా మొదట కోసుకున్న ఫీజు తిరిగి ఇవ్వరని ఒప్పందంలో ఉంది, దాని గురించి నేను అడగడం లేదు. ఇవన్నీ తీసేస్తే మాకు రావాల్సింది రూ.1,52,634.14. ఆ వారం పేమెంట్లకూ రీఫండ్లకూ సంబంధించి మీ రిపోర్ట్‌లో ఉన్న వరసలన్నీ కూడితే వచ్చినది రూ.1,46,015.54. తేడా రూ.6,618.60.

ఈ తేడా మూడు చోట్ల ఉంది. పెద్దదానితో మొదలుపెడతాను.

17వ తేదీ బుధవారం రాత్రి ఒకామె రూ.3,850 చీరకు యూపీఐలో డబ్బు కట్టారు. ఆమె ఖాతాలో డబ్బు తెగింది. కానీ బ్యాంకు నుంచి మీకు జవాబు రావడం ఆలస్యమై మీ పేజీ "పేమెంట్ ఫెయిల్" అని చూపించింది, మా సైట్‌లో ఆర్డర్ కూడా అలాగే ఆగిపోయింది. ఇది యూపీఐలో జరిగేదే, ఆ రాత్రి ఎవరో ఏదో తప్పు చేశారని నేను అనడం లేదు. మర్నాడు ఆమె తన బ్యాంకు యాప్‌లో ఆ లావాదేవీకి ఉన్న పన్నెండంకెల గుర్తింపు నంబర్ ఆర్‌ఆర్‌ఎన్‌తో మాకు మెసేజ్ పెట్టారు. ఆ నంబర్‌తో మీ డాష్‌బోర్డ్‌లో వెతికితే పేమెంట్ స్థితి `captured` అని కనిపించింది. అంటే డబ్బు మీకు చేరిందని మీరే చెబుతున్నారు. అది చూసుకునే చీర పంపాం, అది ఆమెకు అందింది కూడా. ఇప్పటికీ ఆ పేమెంట్ `captured` గానే ఉంది, కానీ `settlement_id` ఉండాల్సిన గడి ఖాళీ. ఏ సెటిల్‌మెంట్‌లోనూ లేదు. ఫీజు వరసల్లో లేదు, ఆపి ఉంచిన పేమెంట్ల జాబితాలో లేదు, వివాదాల్లోనూ లేదు.

మీ సపోర్ట్ నుంచి దీనికి వచ్చిన జవాబు, "ఆలస్యంగా ఖరారైన పేమెంట్లు కస్టమర్‌కు ఆటోమేటిక్‌గా తిరిగి వెళ్తాయి" అని. వెళ్ళాయా? నేను ఆమెను అడిగాను. తన స్టేట్‌మెంట్ మొత్తం చూసి, డబ్బు తెగడమే ఉంది, వెనక్కి రాలేదన్నారు, స్క్రీన్‌షాట్ కూడా ఇచ్చారు, అదీ జత చేశాను. ఒకవేళ ఇది నిజంగా ఫెయిలైన పేమెంట్ అయితే, ఫెయిలైన లావాదేవీల గడువుల మీద రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఖాతాలో డబ్బు తెగి వ్యాపారికి ఖరారు అందని యూపీఐ పేమెంట్ ఐదు రోజుల్లోపు తనంతట తానే కస్టమర్‌కు తిరిగి వెళ్ళాలి. అది దాటితే రోజుకు వంద రూపాయల చొప్పున కస్టమర్‌కు పరిహారం ఇవ్వాలి. ఇది ఫెయిల్ కాకపోతే నాకు సెటిల్ కావాలి. ఈ రెండింటిలో ఏదీ జరగలేదు. ఆమె దగ్గర లేదు, నా దగ్గర లేదు, ఆ డబ్బు మీ ఎస్క్రో ఖాతాలోనే ఉండాలి. కస్టమర్ల నుంచి డబ్బు తీసుకుని వ్యాపారులకు చేర్చే మీలాంటి పేమెంట్ అగ్రిగేటర్లు వ్యాపారుల డబ్బును తమ సొంత డబ్బుతో కలపకుండా షెడ్యూల్డ్ బ్యాంకులో ఎస్క్రో ఖాతాలో ఉంచాలని రిజర్వ్ బ్యాంక్ 2020 మార్చిలోనే నియమం పెట్టింది. అలా విడిగా ఉంచిన ఖాతాలో ఎవరి పేరా లేకుండా రూ.3,850 మిగిలి ఉంటే మీ వైపు రోజువారీ సరిచూపులో అది బయటపడి ఉండాల్సింది. ఎందుకు పడలేదో నాకు తెలియాలి.

రెండోది రీఫండ్. రూ.2,450 చీర వెనక్కి వచ్చిన రోజే మేము డాష్‌బోర్డ్ నుంచి రీఫండ్ పెట్టాం. అది కస్టమర్ కార్డు బ్యాంకు దగ్గర నిలిచిపోయి `failed` అయింది, మీ వ్యవస్థ తనంతట తానే రెండోసారి పంపింది, అది `processed` అయింది. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ సెటిల్‌మెంట్ రిపోర్ట్‌లో ఆ ఒక్క పేమెంట్ ఐడీ మీద రెండు రీఫండ్ ఐడీలు ఉన్నాయి, రెండింటికీ రూ.2,450 చొప్పున మా నుంచి కోశారు. ఫెయిలైనదానికి కోసిన డబ్బును తిరిగి జమ చేసే వరస ఒకటి ఉండాలి, మామూలుగా అది "రీఫండ్ రివర్సల్" అనే పేరుతోనో సర్దుబాటు కిందనో వస్తుంది. నెలాఖరు దాకా వెతికాను, లేదు. కస్టమర్‌కు మాత్రం ఒక్కసారే డబ్బు అందింది, ఆవిడ కార్డు స్టేట్‌మెంట్‌లో ఒకే జమ ఉంది.

ఇందులో వాదించాల్సిందేమీ లేదని నా ఉద్దేశం. రూ.2,450 కట్టిన పేమెంట్ మీద రూ.4,900 రీఫండ్ ఎలా అవుతుంది? ఒక పేమెంట్‌కు పడిన రీఫండ్ల మొత్తం ఆ పేమెంట్‌ను దాటితే అక్కడే ఆగేలా ఒక్క తనిఖీ పెట్టుకున్నా ఈ రెండో కోత పడేదే కాదు. చదువుతున్న మిగతా అమ్మకందారులకు కూడా చెబుతున్నాను, మీ రిపోర్ట్‌ను ఎక్సెల్‌లో తెరిచి రీఫండ్ వరసలను మాత్రం వేరు చేసి పేమెంట్ ఐడీ వారీగా పేర్చండి. ఒకే ఐడీ రెండుసార్లు కనిపిస్తే ఆగి చూడండి. చీర, బ్లౌజు కలిపి కొని ఒకసారి బ్లౌజు, ఇంకోసారి చీర తిప్పి పంపినప్పుడు విడివిడిగా పడే రీఫండ్లు కూడా అలా రెండు వరసలుగా కనపడతాయి, అది తప్పు కాదు. రెండింటి మొత్తం అసలు పేమెంట్‌ను దాటిందా లేదా అన్నదే చూడాలి.

మూడోది చిన్న మొత్తం, కానీ నాకు ఎక్కువ టెన్షన్ పెడుతున్నది ఇదే. 41 యూపీఐ పేమెంట్లలో ఆరింటికి 2 శాతం ఫీజు, జీఎస్టీ కోశారు. ఆ ఆరింటి విలువ రూ.13,500, కోత రూ.318.60. అడిగితే "యూపీఐలో క్రెడిట్ కార్డు వాడి ఉంటారు" అన్నారు. అలా జరుగుతుందని నాకు తెలుసు, రూపే క్రెడిట్ కార్డును యూపీఐ యాప్‌కు జోడించి కడితే చూడ్డానికి అది యూపీఐ లాగే ఉన్నా డబ్బు వచ్చేది క్రెడిట్ కార్డు నుంచి, కాబట్టి దానికి ఫీజు వర్తిస్తుంది. అందుకే మీ రిపోర్ట్‌లో యూపీఐ పక్కన డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే కాలమ్ తెరిచి ఆరు వరసలూ చూశాను. రెండింటికి నిజంగానే క్రెడిట్ కార్డు అని ఉంది, ఒక్కోటి రూ.2,400, రెండూ రెండు వేలకు పైనే. వాటి మీద కోసిన రూ.113.28 సరైనదే, అది నేను అడగను. మిగతా నాలుగింటికి మీ కాలమ్‌లోనే బ్యాంకు ఖాతా అని స్పష్టంగా ఉంది. రూ.2,100, రూ.2,250, రూ.2,200, రూ.2,150, మొత్తం రూ.8,700. వీటికి ఫీజు రూ.174, జీఎస్టీ రూ.31.32, కలిపి రూ.205.32 కోశారు.

బ్యాంకు ఖాతా నుంచి కట్టే యూపీఐకీ, రూపే డెబిట్ కార్డుకీ వ్యాపారి నుంచి ఎండీఆర్, అంటే పేమెంట్ మీద కోసే ఫీజు, తీసుకోకూడదని 2020 జనవరి 1 నుంచి దేశమంతా అమల్లో ఉన్న నియమం. దాని సంగతి పక్కన పెట్టినా, మీరు సంతకం పెట్టిన రేట్ల పట్టికలోనే సున్నా అని ఉంది. డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో మీ వ్యవస్థకు తెలుసు, రిపోర్ట్‌లో సరిగ్గా రాసింది, అయినా ఫీజు లెక్క కట్టే చోట వేరే రేటు తీసుకుంది. ఈ నాలుగూ రెండు వేలకు పైన ఉన్నవే. రెండు వేల పైన యూపీఐ కనిపిస్తే క్రెడిట్ కార్డు రేటు వేసేలా ఎక్కడైనా పొరపాటుగా అమర్చారేమో అని నా అనుమానం. కానీ రెండు వేల పైనున్న యూపీఐ పేమెంట్లు ఆ వారం ఇంకా చాలా ఉన్నాయి, వాటికి కోత లేదు. కాబట్టి అసలు కారణం మీ వాళ్ళే వెతికి చెప్పాలి. నాకు ఒక వారంలో రెండు వందల రూపాయలు అయింది. ఇది ఎప్పటి నుంచి జరుగుతోందో తెలియదు కదా, అందుకే ఈ ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుంచి మా ఖాతాలో బ్యాంకు ఖాతా యూపీఐ మీద కోసిన ప్రతి ఫీజునూ తీసి చూపించమని అడుగుతున్నాను.

ఇలా తప్పుగా కోసిన ఫీజు తిరిగి ఇచ్చేటప్పుడు డబ్బు ఒక్కటే వేస్తే సరిపోదు. మీ సెప్టెంబరు నెల ట్యాక్స్ ఇన్వాయిస్‌లో ఈ రూ.174, దాని మీద జీఎస్టీ రూ.31.32 కలిసి ఉన్నాయి, మా రిటర్న్‌లో ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెళ్ళేది ఆ ఇన్వాయిస్ ఆధారంగానే. కాబట్టి ఆ ఇన్వాయిస్‌లో అంత మొత్తం తగ్గిస్తూ క్రెడిట్ నోట్ కూడా ఇవ్వాలి. లేకపోతే ఇక్కడ లెక్క సరిచేసి జీఎస్టీలో కొత్త తేడా తెచ్చుకున్నట్టు అవుతుంది.

జీఎస్టీ మాట వచ్చింది కాబట్టి ఇంకో ప్రశ్న, ఇది నేను అడుగుతున్న మొత్తంలో కలపలేదు. ఒక్కో లావాదేవీ రెండు వేల రూపాయల లోపు ఉండే కార్డు పేమెంట్ల సెటిల్‌మెంట్ సేవకు జీఎస్టీ మినహాయింపు ఉంది. అది రిజర్వ్ బ్యాంక్ నియంత్రణలో ఉన్న పేమెంట్ అగ్రిగేటర్లకూ వర్తిస్తుందని 2024 డిసెంబరులో జరిగిన జీఎస్టీ కౌన్సిల్ సమావేశం స్పష్టం చేయాలని సిఫారసు చేసింది. డబ్బు చేతులు మారని గేట్‌వే సాంకేతిక సేవలకు మాత్రం అది వర్తించదన్నారు. మా కార్డు పేమెంట్లలో రెండు వేల లోపువి కొన్ని ఉన్నాయి, దుపట్టాలు కొన్నవాళ్ళవి. వాటికీ మీరు 18 శాతం వేశారు. మీరు తీసుకునే 2 శాతంలో సెటిల్‌మెంట్ సేవకు ఎంత, సాంకేతిక సేవకు ఎంత అని ఎక్కడా విడదీసి చూపించలేదు. మీ లెక్క సరైనదే అయి ఉండొచ్చు, కానీ ఏ ఆధారంతో వేస్తున్నారో రాసి పంపండి, నేను మా ఆడిటర్ గారికి చూపిస్తాను.

ఇప్పుడు మీరు అనుకోవచ్చు, లక్షన్నర అమ్మకంలో ఆరు వేలకు ఇంత పట్టుబడతారా అని. నా దగ్గర ఒక చీర మీద మిగిలేది ఎంతో చెప్పనా? నూలు ధర, రంగు, మజూరీ, ప్యాకింగ్, కొరియర్, మీ ఫీజు పోగా ఒక్కో చీర మీద మూడు నాలుగు వందలు మిగిలితే మంచి అమ్మకం కింద లెక్క. ఆరున్నర వేలంటే పదహారు నుంచి ఇరవై రెండు చీరల మీద మా సంపాదన. పైగా దసరా ముందు మగ్గాల వాళ్ళకు మజూరీ లెక్క చూసి ఇవ్వాల్సిన రోజులవి. మీ దగ్గర నుంచి ఫలానా రోజుకు ఇంత వస్తుందని నమ్మి వాళ్ళకు మాట ఇస్తాం, అది తగ్గితే నేను ఆ మాట ఇంకో చోట అప్పు తెచ్చి నిలబెట్టుకోవాలి. తెచ్చాను కూడా. ఆ వడ్డీ మిమ్మల్ని అడగడం లేదు, కానీ ఆలస్యం అయితే ఏమవుతుందో మీ సెటిల్‌మెంట్ విభాగంలో ఎవరో ఒకరికి తెలియాలి.

నాకు కావాల్సింది ఇది. రూ.3,850, రూ.2,450, రూ.205.32, ఈ మూడింటినీ ఒక్కోదాన్ని వేరే వరసగా చూపిస్తూ మొత్తం రూ.6,505.32 జమ చేసి, యూటీఆర్ నంబర్ పంపండి. మిగతా సెటిల్‌మెంట్‌లో కలిపేసి "సర్దుబాటు" అని ఒకే అంకె వేయొద్దు, అలా వేస్తే వచ్చే నెల నేను మళ్ళీ ఇదే లెక్క మొదటి నుంచి చేయాలి. ఏదైనా ఒక అంశం తప్పని మీకు అనిపిస్తే ఆ ఒక్కదానికి, ఆ పేమెంట్ ఐడీ పేరుతో, మీ వైపు రికార్డు చూపించి కాదనండి. నేను ఒప్పుకోవాల్సింది ఉంటే ఒప్పుకుంటాను, రూ.113.28 విషయంలో మీరు అడగకముందే ఒప్పుకున్నాను. మొత్తం మీద "నికరం సరిగ్గా ఉంది" అన్న జవాబు మాత్రం జవాబు కిందకు రాదు.

`captured` అని ఉండి సెటిల్‌మెంట్ గడువు దాటినా `settlement_id` లేని పేమెంట్లను విడిగా చూపించే జాబితా ఒకటి డాష్‌బోర్డ్‌లో పెట్టండి. ఇప్పుడు అది లేకే, ప్రతి ఆర్డర్‌నూ చేత్తో సరిచూసుకునే ఓపిక ఉన్నవాళ్ళకే ఆ డబ్బు కనపడుతోంది. వారానికి అరవై ఆర్డర్లు కాబట్టి నేను చేయగలిగాను, రోజుకు రెండు వందలు వచ్చేవాళ్ళు ఎలా చేస్తారు? నాకు పట్టుబడిన ఈ మూడు రకాల తప్పులు మిగతా అమ్మకందారుల ఖాతాల్లోనూ ఉన్నాయేమో మీరే వెతికి చూడండి, వాళ్ళు అడిగేదాకా ఆగకండి.

వ్యాపారుల ఫిర్యాదులకు నోడల్ అధికారిని పెట్టి, పై మెట్టుకు ఎలా వెళ్ళాలో బహిరంగంగా తెలియజేయాలని రిజర్వ్ బ్యాంక్ నియమాల్లోనే ఉంది. మీ వెబ్‌సైట్‌లో ఆ చిరునామా ఉంది, ఈ లేఖ, షీట్, స్క్రీన్‌షాట్లు, ఒప్పందంలోని రేట్ల పేజీ అక్కడికి పంపాను. సపోర్ట్ టికెట్ ద్వారా కాకుండా నోడల్ అధికారి గారి నుంచే, పేమెంట్ ఐడీల వారీగా, రాతపూర్వకంగా జవాబు కావాలి. అది వచ్చిన రోజు, మీరు ఒప్పుకున్నా కాదన్నా, ఆ జవాబులోని అంకెలను ఈ లేఖ కిందే పెడతాను.

ఇట్లు,
మంగళగిరి చేనేత చీరలు అమ్ముకునే ఒక చిన్న వ్యాపారి